పీడీఎఫ్‌లో ఒత్తులు ఎందుకు విరుగుతాయి? అక్షరాల చోట డబ్బాలు ఎందుకు వస్తాయి?

ఒక బడిలో వార్షికోత్సవానికి ప్రశంసాపత్రాలు తయారుచేస్తున్నారనుకుందాం. కంప్యూటర్ తెర మీద ‘లక్ష్మి’ అన్న పేరు చక్కగా కనిపిస్తోంది. దాన్ని పీడీఎఫ్‌గా మార్చి ప్రింటింగ్ దుకాణానికి పంపారు. అక్కడ తెరిస్తే పేరున్న చోట నాలుగు ఖాళీ డబ్బాలు. మళ్లీ వేరే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేసి పంపారు. ఈసారి డబ్బాలు పోయాయి గానీ పేరు ‘లక్‌ష్‌మి’ అని అచ్చయింది. ‘ఫాంట్ ఎంబెడ్ చేసి పంపండి సార్’ అన్నాడు దుకాణదారు.

ఈ సలహా మంచిదే, కానీ సగం జబ్బుకే మందు. డబ్బాలు రావడం, ఒత్తులు విరగడం చూడ్డానికి ఒకేలాంటి ఇబ్బందులుగా అనిపించినా రెంటికీ కారణాలు వేరు. ఫాంటును పీడీఎఫ్‌లో పొదిగితే మొదటిది చాలావరకు పోతుంది. రెండోది పోవాలంటే పీడీఎఫ్ తయారయ్యే క్షణంలోనే ఇంకో పని జరగాలి. ఆ తేడా తెలియాలంటే ‘లక్ష్మి’ అన్న మాట కీబోర్డు నుంచి కాగితం దాకా ఎలా ప్రయాణిస్తుందో చూడాలి.

కంప్యూటర్‌కు తెలిసిన ‘లక్ష్మి’

మనం ‘లక్ష్మి’ అని రాస్తే కంటికి కనిపించేవి రెండు అక్షరాలు: ల, క్ష్మి. కంప్యూటర్ మాత్రం ఈ పేరును ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది. యూనికోడ్ ప్రకారం అవి ఇవి:

```
ల   U+0C32
క   U+0C15
్    U+0C4D
ష   U+0C37
్    U+0C4D
మ   U+0C2E
ి    U+0C3F
```

ఈ వరుసలో మకారపు ఒత్తు ఎక్కడా లేదని గమనించండి. యూనికోడ్‌లో తెలుగుకు U+0C00 నుంచి U+0C7F వరకు 128 స్థానాలు కేటాయించారు. వాటిలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు ఉన్నాయి. ఒత్తులకు మాత్రం విడిగా స్థానం లేదు. ‘హల్లు, పొల్లు, మళ్లీ హల్లు’ అన్న వరుస కనిపిస్తే రెండో హల్లును ఒత్తుగా గీయాలన్నది నియమం. అంటే ఫైలులో దాగినది అక్షరం బొమ్మ కాదు, దాన్ని ఎలా పలకాలో చెప్పే వరుస మాత్రమే.

ఇంకో విశేషం కూడా ఉంది. వరుసలో గుడి అన్నిటికన్నా చివర, మ తర్వాత ఉంది. మనం రాసేటప్పుడు గుడిని ‘మ’ మీద పెట్టం, పైనున్న ‘క్ష’ మీద పెడతాం. మ దాని కింద ఒత్తుగా చేరుతుంది. పలికే వరుస వేరు, రాసే వరుస వేరు. ఇంగ్లిష్‌కు ఈ చిక్కు లేదు. అక్కడ ఒక సంకేతానికి ఒక బొమ్మ చొప్పున ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతే మాట పూర్తవుతుంది.

ఒత్తు బొమ్మ ఎక్కడుంటుంది?

ఒత్తు ఉండేది ఫాంటులో. ఫాంటు అంటే అక్షరాల బొమ్మల సంచి. ఒక్కో బొమ్మను గ్లిఫ్ అంటారు. ప్రతి గ్లిఫ్‌కు ఆ ఫాంటులో ఒక వరుస సంఖ్య ఉంటుంది. యూనికోడ్ స్థానాలు 128 అయినా, తెలుగు ఫాంటులో గ్లిఫ్‌లు వందల్లో ఉంటాయి. ‘మ’కు ఒక బొమ్మ, మ ఒత్తుకు ఒకటి, ‘మి’కి కొన్ని ఫాంట్లలో మరొకటి, ‘క్ష’కు ఇంకొకటి.

బొమ్మలతో పాటు ఫాంటులో నియమాల పట్టిక కూడా ఉంటుంది. ఓపెన్‌టైప్ ఫాంట్లలో దీని పేరు `GSUB`. ‘పొల్లు, మ కలిసి వస్తే వాటి బదులు మ ఒత్తును వాడు’, ‘క, పొల్లు, ష కలిసి వస్తే క్ష బొమ్మను వాడు’ వంటి ఆదేశాలు అందులో రాసి ఉంటాయి. ఏ బొమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పేది `GPOS` అనే మరో పట్టిక.

అయితే ఫాంటు తనంతట తాను ఏమీ చేయదు. పట్టికను చదివి అమలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. దాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీస్ వాడే షేపింగ్ ఇంజిన్ పేరు హార్ఫ్‌బజ్. విండోస్‌కు, యాపిల్‌కు సొంత ఇంజిన్లున్నాయి.

మన ఏడు సంకేతాలు షేపింగ్ ఇంజిన్ చేతికి వెళితే అది ముందు వాటిని అక్షరాలుగా విడదీస్తుంది: ల ఒకటి, మిగిలిన ఆరూ కలిసి రెండోది. తర్వాత చివరనున్న గుడిని ముందుకు తెచ్చి ‘క్ష’ పక్కన పెడుతుంది. ‘క, పొల్లు, ష’ స్థానంలో క్ష బొమ్మను, ‘పొల్లు, మ’ స్థానంలో మ ఒత్తును ఎంచుకుంటుంది. ఫాంటును బట్టి చివరికి మూడో నాలుగో గ్లిఫ్‌లు మిగులుతాయి. ఇంజిన్ వాటి వరుస సంఖ్యలు, ఒక్కోటి ఎక్కడ కూర్చోవాలన్న కొలతలు ఇస్తుంది. అప్పుడు గానీ ‘లక్ష్మి’ ఏర్పడదు.

పీడీఎఫ్ చదివేది కాదు, గీసేది

వెబ్ పేజీని తెరిచిన ప్రతిసారీ పైన చెప్పిన తతంగమంతా మన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కొత్తగా జరుగుతుంది. పీడీఎఫ్ పద్ధతి వేరు. అడోబీ సంస్థ 1993లో దీన్ని విడుదల చేసినప్పటి ఉద్దేశం, ఒక పేజీ ఏ యంత్రంలో తెరిచినా ఒకేలా కనిపించాలని. అందుకే పీడీఎఫ్ ఫైలులో ఉండేది ‘ఈ మాటను రాయి’ అన్న ఆదేశం కాదు. ‘ఈ ఫాంటులోని 57వ బొమ్మను ఇక్కడ గీయి, 412వ బొమ్మను దాని పక్కన గీయి’ అన్న తరహా ఆదేశం. పీడీఎఫ్ రీడర్ ఆ బొమ్మలను చెప్పిన చోట గీస్తుందంతే. పేజీలోని మాటలకు అది మళ్లీ షేపింగ్ చేయదు. ఒత్తు ఎక్కడ పెట్టాలన్న ఆలోచన దానికి లేదు.

కాబట్టి పీడీఎఫ్ సరిగా రావాలంటే రెండు షరతులు తీరాలి. ఒకటి, తయారుచేసే ప్రోగ్రాము షేపింగ్ చేసి సరైన బొమ్మల సంఖ్యలు రాయాలి. రెండు, ఆ సంఖ్యలకు చెందిన బొమ్మలు చదివేవారి దగ్గర దొరకాలి. మొదటి షరతు తప్పితే ఒత్తులు విరుగుతాయి. రెండోది తప్పితే డబ్బాలు వస్తాయి.

డబ్బా ఎలా పుడుతుంది?

ప్రతి ఫాంటులోనూ సున్నా సంఖ్య గల గ్లిఫ్ ఒకటి ఉంటుంది. దాని పేరు `.notdef`. అడిగిన అక్షరానికి ఫాంటులో బొమ్మ లేకపోతే బదులుగా దీన్ని గీస్తారు. సాధారణంగా ఇది ఖాళీ డబ్బా రూపంలో ఉంటుంది. అంటే డబ్బా కనిపించిందంటే ‘ఈ అక్షరం నా సంచిలో లేదు’ అని ఏదో ఒక ఫాంటు చెబుతున్నట్టు.

ఇది రెండు వేర్వేరు సమయాల్లో జరగవచ్చు. మొదటిది, చదివేటప్పుడు. విండోస్‌లో గౌతమి ఫాంటుతో ఒక పత్రం రాసి, ఫాంటును పొదగకుండా పీడీఎఫ్ చేశామనుకోండి. ఫైలులో ఫాంటు పేరు, అక్షరాల వెడల్పులు మాత్రమే వెళతాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గౌతమి ఉండదు. రీడర్ దాని బదులు మరో ఫాంటును తెస్తుంది. అందులో తెలుగు బొమ్మలు లేకపోతే డబ్బాలు, చుక్కలు కనిపిస్తాయి. తెలుగు బొమ్మలున్నా వాటి వరుస సంఖ్యలు వేరు. గౌతమిలో 412వ బొమ్మ మ ఒత్తు అయితే, కొత్త ఫాంటులో 412వది మరేదో కావచ్చు. పీడీఎఫ్ ప్రమాణం ప్రతి రీడర్‌కూ తెలిసి ఉండాలని చెప్పిన 14 ఫాంట్లు కూడా ఇక్కడ ఆదుకోవు. హెల్వెటికా, టైమ్స్, కూరియర్ కుటుంబాలు, రెండు గుర్తుల ఫాంట్లు కలిపి ఆ పద్నాలుగు. వాటిలో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు.

రెండోది, తయారీ సమయంలోనే. ప్రోగ్రాము తెలుగు వాక్యానికి తెలుగు లేని ఫాంటును వాడిందనుకోండి. అది సున్నా సంఖ్య బొమ్మనే ఫైలులో రాస్తుంది. ఇలాంటప్పుడు ఫాంటును పొదిగినా ఫలితం ఉండదు, పొదిగేది డబ్బానే కదా! ఈ రెండింటినీ వేరు చేయడం సులువు. తయారుచేసిన కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌ను తెరిచి చూడండి. అక్కడ బాగుండి మరో చోట డబ్బాలొస్తే ఫాంటు వెంట రాలేదని అర్థం. అక్కడా డబ్బాలే ఉంటే ఎంచుకున్న ఫాంటే తప్పు.

పాత డీటీపీ ఫాంట్లతో వచ్చే తంటా మరో రకం. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో తెలుగు బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఆ ఫాంటును పొదగకపోతే రీడర్‌కు అది ఇంగ్లిష్ పత్రంలాగే అనిపిస్తుంది. అందుకే డబ్బాలు కాకుండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, టోపీలు పెట్టుకున్న రోమన్ అక్షరాలు కనిపిస్తాయి.

పొదగడం అంటే

ఫాంటును పొదగడమంటే బొమ్మల సంచిని పీడీఎఫ్ లోపలే పెట్టి పంపడం. అప్పుడు 412వ బొమ్మ అంటే ఏమిటో ఆ ఫైలే చెబుతుంది. చదివేవారి యంత్రంలో ఏ ఫాంట్లున్నాయన్నది అనవసరం. అయితే సంచి మొత్తం పంపనక్కర్లేదు. పత్రంలో వాడిన బొమ్మలనే ఏరి పొదిగితే చాలు. దీన్ని సబ్‌సెట్ అంటారు. ప్రశంసాపత్రంలో యాభై రకాల బొమ్మలుంటే ఆ యాభయ్యే వెళతాయి, ఫైలు బరువు పెద్దగా పెరగదు.

ఇప్పటి లిబ్రే ఆఫీస్, వర్డ్ సాధారణంగా ఈ పని తామే చేస్తాయి. ఎక్కడైనా సందేహం ఉంటే పీడీఎఫ్ చేసేటప్పుడు ఎంపికల్లో `PDF/A` అని ఉన్న చోట టిక్ పెట్టండి. పత్రాలను దీర్ఘకాలం భద్రపరచడానికి 2005లో వచ్చిన ఐఎస్ఓ 19005 ప్రమాణం ఇది. కనిపించే అక్షరాల ఫాంట్లన్నిటినీ పొదగడం ఇందులో తప్పనిసరి.

ఒక అడ్డంకి ఉంది. ఫాంటు తయారుచేసినవారు దాన్ని పొదగరాదని నిషేధం పెట్టవచ్చు. ఆ అనుమతి వివరం ఫాంటు లోపలే ఒక సంఖ్యగా రాసి ఉంటుంది. నిషేధం ఉంటే మర్యాద పాటించే ప్రోగ్రాములు పొదగడం మానేస్తాయి, లేదా అక్షరాలను ఫొటోలా మార్చేస్తాయి. స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు వాడితే ఈ చిక్కు రాదు.

పొదిగినా ఒత్తు విరిగితే?

ఇప్పుడు రెండో జబ్బుకు వద్దాం. దీన్ని కళ్లారా చూడాలంటే చిన్న ప్రయోగం చాలు. పైథాన్‌లో పీడీఎఫ్‌లు తయారుచేసే `fpdf2` అనే ఉచిత లైబ్రరీ ఉంది. దాంతోపాటు హార్ఫ్‌బజ్‌ను పిలిచే `uharfbuzz` కూడా ఉండాలి.

```python
from fpdf import FPDF

pdf = FPDF()
pdf.add_page()
pdf.add_font("Noto", fname="NotoSansTelugu-Regular.ttf")
pdf.set_font("Noto", size=32)
pdf.set_text_shaping(True)
pdf.cell(text="లక్ష్మి")
pdf.output("lakshmi.pdf")
```

ఇలాగే నడిపితే పేరు సరిగ్గా వస్తుంది. ఇప్పుడు `set_text_shaping` ఉన్న ఒక్క వరుసను తీసేసి మళ్లీ నడపండి. ఫాంటు అదే, ఈసారి కూడా పొదిగే ఉంటుంది. అయినా పేరు విరిగిపోతుంది. లైబ్రరీ ఏడు సంకేతాలకూ ఏడు బొమ్మలను యథాతథంగా పక్కపక్కన పేర్చేస్తుంది. క మీద పొల్లు, ష మీద పొల్లు తేలుతుంటాయి. మ ఒత్తుగా మారదు. ‘క్ష’ మీద ఉండాల్సిన గుడి చివరి ‘మ’ దగ్గరే ఉండిపోతుంది. మ ఒత్తు బొమ్మ ఫాంటులో ఉంది గానీ, దాన్ని పిలిచినవారు లేరు. ఇలా తయారైన పీడీఎఫ్‌ను ఏ రీడర్‌లో తెరిచినా, ఎన్ని ఫాంట్లు ఇన్‌స్టాల్ చేసినా బాగుపడదు. ఒత్తు బొమ్మను గీయమన్న ఆదేశమే ఆ ఫైలులో లేదు.

నిజజీవితంలో ఈ పరిస్థితి ఎక్కువగా ఎదురయ్యేది కంప్యూటర్ తానే పత్రాలు తయారుచేసే చోట. ఆన్‌లైన్ రసీదులు, హాల్‌టికెట్లు, ధ్రువపత్రాల వెనక చాలాసార్లు ఇలాంటి లైబ్రరీలే ఉంటాయి. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంటుంది. తెలుగులో కూడా ‘రమ’, ‘కమల’ వంటి పేర్లు ఇస్తే లోపం బయటపడదు, వాటిలో ఒత్తుల్లేవు కదా. ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’ వచ్చినప్పుడే తెలుస్తుంది. పరీక్షకు ఇలాంటి పేర్లనే ఎంచుకోవాలి.

పుస్తకాల పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లోనూ ఇదే జరుగుతుంది. అందులో పేరా అమరికను `Adobe World-Ready Paragraph Composer`కు మార్చకపోతే తెలుగు షేపింగ్ జరగదు. అయితే ఇక్కడ ఒత్తులు తెర మీదే విరిగి కనిపిస్తాయి కాబట్టి పీడీఎఫ్ చేయకముందే పట్టుకోవచ్చు.

పీడీఎఫ్‌లో మనం టైపు చేసి నింపే గడుల సంగతి వేరు. అక్కడి అక్షరాలు ముందే గీసినవి కావు, రీడరే అప్పటికప్పుడు గీయాలి. గడికి హెల్వెటికా వంటి ఫాంటు కేటాయించి ఉంటే, మిగతా పేజీ అంతా బాగున్నా మనం నింపిన తెలుగు డబ్బాలుగా మారవచ్చు.

ఫైలును అడిగి తెలుసుకోవడం

ఫాంటు పొదిగారో లేదో ఊహించనక్కర్లేదు. అడోబీ రీడర్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి `Fonts` పేజీ చూస్తే ప్రతి ఫాంటు పక్కన `Embedded Subset` అని ఉండాలి. లినక్స్‌లో అయితే పాప్లర్ ప్యాకేజీలోని `pdffonts` ఆదేశం ఇంకా వివరంగా చెబుతుంది.

```
$ pdffonts lakshmi.pdf
name                         type          encoding    emb sub uni
---------------------------- ------------- ----------- --- --- ---
ABCDEF+NotoSansTelugu        CID TrueType  Identity-H  yes yes yes
```

పేరుకు ముందున్న ఆరు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, కూడిక గుర్తు ఇది సబ్‌సెట్ అని చెప్పేవి. ఆ ఆరు అక్షరాలు ఫైలును బట్టి మారుతుంటాయి. `emb` కింద `yes` ఉంటే ఫాంటు పొదిగినట్టు. `no` ఉంటే అవతలివారికి డబ్బాలు కనిపించే ప్రమాదం ఉంది. ఒకవేళ ఈ పట్టికలో తెలుగు ఫాంటు పేరే లేకపోతే, ఆ పత్రాన్ని తెలుగు లేని ఫాంటుతో చేశారన్నమాట, లేదా అక్షరాలను ఫొటోగా మార్చేశారన్నమాట.

కంటికి బాగుంటే సరిపోతుందా?

పట్టికలోని `uni` మరో సంగతి చెబుతుంది. పీడీఎఫ్‌లో ఉన్నవి బొమ్మల సంఖ్యలే కాబట్టి, వాటిని వెతకాలన్నా కాపీ చేయాలన్నా ‘ఈ బొమ్మకు ఈ యూనికోడ్’ అనే అనువాద పట్టిక కూడా ఫైలులో ఉండాలి. అది ఉందని `yes` సూచిస్తుంది. లేకపోతే పేజీ అందంగా కనిపిస్తుంది గానీ కాపీ చేస్తే చెత్త వస్తుంది.

తెలుగులో ఆ పట్టిక ఉన్నా కొన్నిసార్లు సరిపోదు. మన ఉదాహరణలో షేపింగ్ ఇంజిన్ గుడిని ముందుకు జరిపిందని చూశాం కదా. గీసిన బొమ్మల వరుస ఇప్పుడు ‘ల, క్ష, గుడి, మ ఒత్తు’. ఒక్కో బొమ్మను విడివిడిగా వెనక్కి అనువదిస్తే ‘ల, క, పొల్లు, ష, గుడి, పొల్లు, మ’ అని వస్తుంది. మనం టైపు చేసిన వరుస ఇది కాదు. అందుకే వేల పేర్ల జాబితాలో ‘లక్ష్మి’ అని వెతికితే, పేరు కళ్లెదుటే ఉన్నా దొరకదు. దృష్టిలోపం ఉన్నవారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడే తడబడుతుంది. దీనికి పీడీఎఫ్‌లో విరుగుడు ఉంది. బొమ్మల గుంపు పక్కన అసలు మాటను `ActualText` పేరిట రాసిపెట్టవచ్చు. కానీ అది అన్ని ప్రోగ్రాములూ చేయవు. పీడీఎఫ్ తయారయ్యాక ఒత్తున్న మాటను ఒకదాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే సంగతి తేలిపోతుంది.

మళ్లీ ఆ ప్రింటింగ్ దుకాణానికి వెళదాం. మొదటిసారి పంపిన ఫైలుకు ‘ఫాంట్ ఎంబెడ్ చేయండి’ అన్న మాట సరైన మందే. రెండోసారి పంపినదానికి కాదు. ఆ ఫైలులో ఫాంటు భద్రంగానే ఉంది, ‘లక్‌ష్‌మి’ని ‘లక్ష్మి’గా కూర్చే ఇంజిన్ మాత్రం పనిచేయలేదు. దానికి మందు ప్రోగ్రాములో షేపింగ్‌ను తెరవడం, అది లేకపోతే లిబ్రే ఆఫీస్ వంటి మరో ప్రోగ్రాముతో పీడీఎఫ్‌ను మళ్లీ తయారుచేయడం. డబ్బాలు కనబడితే ఫాంటును వెతకండి, ఒత్తులు విరిగితే పీడీఎఫ్ చేసిన ప్రోగ్రామును నిలదీయండి.